కల్లం దగ్గర చదవగలిగితేనే అది స్లైడ్

నల్గొండలో సోషల్ మీడియా పేజీలు నడిపే యువతీయువకుల కోసం జరిగిన ఒకరోజు శిక్షణలో, పోస్టుల్లో పెట్టే తెలుగు స్లైడ్లను ఫోన్ మీద చదవగలిగేలా చేయడం గురించి మధ్యాహ్నం పూట మాట్లాడిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మాట తీరు మార్చలేదు.

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాయి కాబట్టి కొంచెం నిద్ర వస్తుంది, తెలుసు. వెనక ఉన్నవాళ్లు ముందుకు రండి. రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇక్కడ ప్రొజెక్టర్ ఉంది, కానీ నేను దాన్ని ఆన్ చేయట్లేదు. కావాలనే చేయట్లేదు. గోడ మీద ఇంత పెద్దగా వేస్తే ఏ స్లైడైనా బాగానే కనపడుతుంది. మనం చేసే స్లైడ్లు ఎవరైనా గోడ మీద చూస్తారా? అరచేతిలో చూస్తారు. అందుకని పొద్దున మీ గ్రూపులో రెండు ఫొటోలు పంపించాను. అందరూ ఫోన్లు తీయండి. మొదటి ఫొటో తెరవండి. వేళ్లతో పెద్దది చేయొద్దు. ఉన్నది ఉన్నట్టు చూడండి.

చదవగలుగుతున్నారా? ముందు వరసలో ఒకరు చదువుతున్నారు. మీకెన్నేళ్లు? ఇరవై ఒకటి. ఇరవై ఒక్కేళ్ల కళ్లకు కూడా ఫోన్ ముక్కు దగ్గరికి తేవాల్సి వచ్చింది, చూశారా?

ఆ స్లైడ్ నేను చేసిందే. రెండు యాసంగుల కిందట చేశాను. వడ్లు కొనుగోలు సెంటర్‌కు తీసుకుపోయే ముందు రైతు ఏం చూసుకోవాలి అనేది విషయం. తేమ ఎంత ఉండాలి, ఎలా ఆరబెట్టాలి, ఏయే కాగితాలు తేవాలి, అన్నీ ఒకే చదరపు స్లైడ్‌లో పెట్టాను. నూట పది మాటలున్నాయి అందులో. ఆకుపచ్చ మీద తెల్లక్షరాలు, పైన వరి కంకి బొమ్మ. లాప్‌టాప్‌లో చూసుకుంటే బ్రహ్మాండంగా ఉంది. పోస్ట్ చేశాను, ఊళ్ల గ్రూపులన్నిట్లో వేశాను.

రెండు రోజుల తర్వాత మిర్యాలగూడ దిక్కు మా చిన్నాయన కల్లం దగ్గరికి పోయాను. మధ్యాహ్నం పన్నెండు. ఏప్రిల్ ఎండ. వడ్లు పట్టా మీద పోసి ఉన్నాయి. చిన్నాయనకు ఫోన్ చూపించి, ఇది చూసినవా అని అడిగాను. ఆయన ఫోన్‌ను చెయ్యంత దూరం పెట్టి చూశాడు. తువ్వాలు నీడ పట్టి చూశాడు. తర్వాత నాకే ఇచ్చి, "అద్దాలు ఇంట్ల ఉన్నయ్ రా, ఏం రాసినవో నువ్వే సదువు" అన్నాడు.

ఎవరి కోసం చేశానో ఆయనే చదవలేకపోయాడు. మరి ఎవరి కోసం చేసినట్టు? ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ పొద్దు ఆ కల్లం దగ్గర మొదలైంది.

ఒక లెక్క చేద్దాం. చిన్న లెక్కే. మనం చదరపు స్లైడ్ ఎంత సైజులో చేస్తాం? 1080 పిక్సెళ్ల వెడల్పు, 1080 పిక్సెళ్ల ఎత్తు. కంప్యూటర్ మీద అది పెద్ద మైదానంలా కనపడుతుంది. ఇప్పుడు మీ ఫోన్ తెర వెడల్పు స్కేలు పెట్టి కొలవండి. దాదాపు 7 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ 1080 పిక్సెళ్లూ ఆ 7 సెంటీమీటర్లలోకి సర్దుకోవాలి. మైదానం కాదది, అగ్గిపెట్టెకు కొంచెం పెద్దది.

ఇక్కడ డీటీపీ పని తెలిసినవాళ్లు ఎంతమంది? ఐదారుగురు ఉన్నారు. మీకు పాయింట్లు తెలుసు. పెళ్లి పత్రికలో అక్షరం ఎన్ని పాయింట్లు ఉండాలో చేత్తో చెప్పగలరు. అయితే మీకో ఉపాయం చెప్తాను. చదరపు స్లైడ్‌లో మీరు పెట్టిన పిక్సెళ్ల సైజును ఐదున్నరతో భాగించండి. ఫోన్ మీద అది ఎన్ని పాయింట్ల అక్షరమో వస్తుంది. సుమారుగానే, కానీ పనికి సరిపోతుంది. నా మొదటి స్లైడ్‌లో అక్షరం 28 పిక్సెళ్లు. ఐదున్నరతో భాగిస్తే ఎంత? ఐదు పాయింట్లు. ఐదు పాయింట్ల తెలుగు అక్షరాన్ని కరపత్రంలో వేయమంటే మీరు వేస్తారా? కస్టమర్ అడిగినా వద్దంటారు. అలాంటిది నేను రైతుకు ఎండలో చూపించాను.

ఇప్పుడు రెండో ఫొటో తెరవండి. అందులో అక్షరం 60 పిక్సెళ్లు. ఫోన్ మీద దాదాపు పదకొండు పాయింట్లు. ఇది చదవడానికి ఎవరూ ఫోన్‌ను దగ్గరికి జరపలేదు, గమనించారా? నేను గమనించాను.

60 అనేది నేను పెట్టుకున్న కింది గీత. చదవాల్సిన మాట ఏదైనా సరే అంతకు దిగకూడదు. పేజీ పేరు, సీజన్ పేరు లాంటి చిన్న మాటలకు 40 దాకా పోతాను. 40 కంటే కిందికి పోవాల్సి వస్తే ఆ మాట తీసేస్తాను. ఇంగ్లిష్‌లో చేసేవాళ్లు 45, 48 చాలంటారు. వాళ్లకు చాలు. మనకు చాలదు. ఎందుకు చాలదో ఇప్పుడు చెప్తాను, ఇది ముఖ్యం.

తెలుగు అక్షరానికి మూడంతస్తులు

ఇంగ్లిష్ అక్షరం ఒకే గదిలో ఉంటుంది. కొన్నిటికి పైకి ఒక గీత, కొన్నిటికి కిందికి ఒక తోక, అంతే. మన అక్షరం అట్లా కాదు. "వడ్లు" అని రాయండి. ఎవరైనా కాగితం మీద పెద్దగా రాయండి. "డ" ఉంది. దాని నెత్తిన తలకట్టు ఉంది, పక్కన కొమ్ము వచ్చింది, కింద "ల" వత్తు వేలాడుతోంది. ఒక్క అక్షరంలో పైన ఒక పని, నడుమ ఒక పని, కింద ఒక పని. "రాష్ట్రం" రాయండి. "ష" కింద "ట" వత్తు, దాని పక్కనే "ర" వత్తు. మూడంతస్తుల ఇల్లు.

ఫాంట్ సైజు 60 అంటే నడిమి అక్షరం 60 ఉంటుందని కాదు. ఆ 60లోనే పైన గుడికి, కింద వత్తుకు కొంత పోతుంది. నడిమి అక్షరానికి మిగిలేది తక్కువ. పైగా మన అక్షరాల్లో తేడాలు ఎక్కడ ఉంటాయి? చిన్న చిన్న గీతల్లో. "ద" కింద చిన్న గీత పడితే "ధ". "ప" కింద చిన్న పొట్ట చీలితే "ఫ". ఆధార్ అన్న మాటలో "ధ"ను 28 సైజులో చూడండి, మొదటి ఫొటోలో ఉంది. ఆ గీత కనపడుతోందా? లేదు, అక్కడ మసక ఒకటే ఉంది. చదువు వచ్చినవాళ్లు ఊహించుకొని చదివేస్తారు. మెల్లగా కూడబలుక్కొని చదివేవాళ్లు ఊహించలేరు. వాళ్లకు ప్రతి గీతా కావాలి.

ఇక వరసల మధ్య ఖాళీ. ఇది మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసే చోటు. ఇంగ్లిష్ టెంప్లేట్ తీసుకుంటాం, అందులో తెలుగు పేస్ట్ చేస్తాం. ఆ టెంప్లేట్‌లో వరసకూ వరసకూ దూరం అక్షరం సైజుకు 1.2 రెట్లు పెట్టి ఉంటుంది. ఏమవుతుంది? పై వరసలో "వడ్లు" వత్తు కిందికి దిగుతుంది, కింది వరసలో "గీ" గుడి పైకి లేస్తుంది. రెండూ కొట్టుకుంటాయి. పై ఇంటివాళ్ల మురికినీళ్ల పైపు కింది ఇంటి కప్పులోకి వచ్చినట్టు. ఆ వత్తు ఏ వరసదో కంటికి తెలియదు. అందుకని తెలుగుకు 1.5 నుంచి 1.6 రెట్లు పెట్టండి. 60 సైజు అయితే వరసకు 96 పిక్సెళ్లు.

తెలుసుకోవడం ఎలా? సులువు. మీ స్లైడ్‌లో అన్నిటికంటే కిందికి దిగే వత్తున్న మాటను ఒక వరసలో, "శ్రీ", "గీ" లాంటి పైకి లేచే మాటను సరిగ్గా దాని కింద వరసలో పెట్టి చూడండి. ఆ రెండింటి నడుమ వెంట్రుక మందం కాదు, కొమ్ము మందం ఖాళీ కనపడాలి. కనపడితే మిగతా వరసలన్నీ బాగుంటాయి.

అక్షరాల మధ్య దూరం మాత్రం ముట్టుకోవద్దు. కొంతమంది స్థలం చాలక అక్షరాల దూరాన్ని మైనస్‌లో పెడతారు, వత్తులు పక్క అక్షరం కిందికి దూరతాయి. కొంతమంది స్టైల్ కోసం పెంచుతారు, మాట విడిపోయి ముక్కలు ముక్కలుగా కనపడుతుంది. మన లిపికి రెండూ పడవు.

ఫాంట్ సంగతి ఒక నిమిషం. చదివే మాటకు Noto Sans Telugu గాని, Hind Guntur గాని వాడండి, కొంచెం మందం ఉన్న మీడియం రకం. సన్నటి రకం ఎండలో మాయమైపోతుంది. Ramabhadra లాంటి బాగా బొద్దు ఫాంట్లు శీర్షికకు మాత్రమే, అదీ పెద్ద సైజులో. చిన్నగా పెడితే అక్షరాల కడుపులు మూసుకుపోతాయి. Suravaram అని ఒక ఫాంట్ ఉంది, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాళ్లు అక్కడ సంతోషపడుతున్నారు, సరే. అది కూడా శీర్షికలకు వాడుకునేదే.

అను ఫాంట్లలో టైప్ చేసుకున్న పాత మ్యాటర్‌ను నేరుగా పేస్ట్ చేయకండి, అది యూనికోడ్ కాదు, ఏవో గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చుకొని, మళ్లీ ఒకసారి చదువుకొని పెట్టండి. ఫొటోషాప్‌లో చేసేవాళ్లకు వత్తు కిందికి పోకుండా పక్కన పడుతుంటే, టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఎంపిక మార్చాలి. "శ్రీ", "జ్ఞానం", "రాష్ట్రం" ఈ మూడు టైప్ చేసి చూడండి. మూడూ సరిగ్గా వస్తే మీ సాఫ్ట్‌వేర్‌తో ఇబ్బంది లేదు.

ఇరవై మాటలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 60 సైజు అన్నాం. వరసకు 96 అన్నాం. స్లైడ్ చుట్టూ 90 పిక్సెళ్ల అంచు వదిలితే రాయడానికి మిగిలింది 900. ఒక వరసలో మూడు నాలుగు తెలుగు మాటలు పడతాయి. పైన శీర్షికకు, కింద పేజీ పేరుకు పోగా ఆరు వరసలు మిగులుతాయి. మొత్తం ఎన్ని మాటలు? ఇరవై. అంతే. ఒక స్లైడ్‌కు ఇరవై మాటలు. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ స్థలంలో అంతే పడతాయి.

నా దగ్గర నూట పది ఉన్నాయి. ఇరవై చొప్పున ఆరు స్లైడ్లు. అయిపోయింది కదా, కోసేద్దామా? నేను మొదట అదే చేశాను. ఉన్న వ్యాసాన్ని ఆరు ముక్కలు కోశాను. అక్కడ తెలుగు నాకు ఒక పాఠం నేర్పింది.

మన వాక్యంలో క్రియ ఎక్కడ ఉంటుంది? చివర. "తేమ 17 శాతం దాటిన వడ్లను కొనుగోలు సెంటర్లో..." అని రెండో స్లైడ్ అయిపోయింది. తీసుకుంటారా, తీసుకోరా? ఆ మాట మూడో స్లైడ్‌లో ఉంది! చదివేవాళ్లు రెండోదాని దగ్గర ఆగిపోతే వాళ్లకు అందిందేమిటి? ఏమీ లేదు. అవునో కాదో కూడా అందలేదు. ఇంగ్లిష్‌లో "కొనరు" అన్న ముక్క ముందే వచ్చేస్తుంది, మనకు ఆఖరున వస్తుంది. అందుకని తెలుగులో వాక్యం స్లైడ్ దాటకూడదు. అసలు వాక్యం రెండు వరసలు దాటకపోతే ఇంకా మంచిది.

కాబట్టి కోయడం మానేసి మళ్లీ రాశాను. రెండో ఫొటోతో పాటు మిగతావి కూడా ఇప్పుడు గ్రూపులో పెడుతున్నాను, ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది ముఖచిత్రం. ఏముంది? "వడ్ల తేమ 17 శాతం దాటిందా?" అంతే. మూడు వరసలు, 120 సైజు. పాత శీర్షిక ఏంటో గుర్తుందా? "ధాన్యం కొనుగోలు కేంద్రాలకు వచ్చే రైతులకు ముఖ్య సూచనలు". ఆ శీర్షిక చూసి ఎవరైనా ఆగుతారా? సూచనలు ఎవరికి కావాలి? తన వడ్లు వాపసు వస్తాయేమో అన్న టెన్షన్ రైతుకు ఉంది, నేను ఆ టెన్షన్‌నే ప్రశ్నగా పెట్టాను. "ధాన్యం" తీసేసి "వడ్లు" అన్నాను. కల్లంలో ధాన్యం అని ఎవరంటారు? వడ్లు అంటారు. అక్షరాలు కూడా తగ్గాయి.

రెండోది చూడండి. నడుమ 17% అని ఒక్కటే, స్లైడ్‌లో మూడో వంతు ఉంది. కింద రెండు చిన్న వాక్యాలు. "ఇంతకంటే ఎక్కువ తేమ ఉంటే కొనరు. ఇంకా ఆరబెట్టాలి." చిన్నాయనకు మళ్లీ చూపించినప్పుడు ఆయన చెయ్యి చాపి ఫోన్ పట్టుకొని, "పదిహేడు" అన్నాడు. ఇంకేం చదవకపోయినా ఆ అంకె ఆయనకు అందింది. ఒక సంగతి చెప్పాలి, 17 పక్కన శాతం గుర్తు ఎప్పుడూ అదే వరసలో ఉండాలి. అంకె ఒక వరస చివర, "శాతం" ఇంకో వరస మొదట పడిందనుకోండి, చదివేవాళ్లకు 17 ఏంటో అర్థం కాదు. కంప్యూటర్ దానంతట అది వరస విరుస్తుంది, దాన్ని నమ్మొద్దు. మీరు చదువుతూ ఎక్కడ ఊపిరి తీసుకుంటారో అక్కడ మీరే విరవండి.

మూడోది ఆరబెట్టే తీరు. పట్టా మీద పలచగా పోయాలి, నడుమ నడుమ కాళ్లతో తిప్పాలి. నాలుగోది తాలు, గడ్డి, మట్టిపెళ్లలు లేకుండా తూర్పార పట్టడం. ఐదోది కాగితాలు. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంక్ పాస్‌బుక్, మూడే మూడు, ఒక్కోటి ఒక్కో వరస. ఆరోది తూకం వేశాక రసీదు అడిగి తీసుకోమని. నూట పది మాటలు ఎన్నయ్యాయి? అరవై ఎనిమిది. ఏ సంగతీ పోలేదు. "వలసి ఉంటుంది", "చేసుకోగలరు", "తెలియజేయడమైనది" ఇవన్నీ పోయాయి.

ఒంటరిగా తిరిగే స్లైడ్

ఇప్పుడు చెప్పేది నాకు ఇంకా బాధగానే ఉంటుంది. ఆ ఆరు స్లైడ్లకంటే ముందు ఇంకో స్లైడ్ల సెట్ చేశాను. అందులో మూడో స్లైడ్‌లో "20 శాతం తేమ ఉన్నా తీసుకుంటారు" అని పెద్దగా రాసి, పైన చిన్నగా "అపోహ" అని పెట్టాను. నాలుగో స్లైడ్‌లో "నిజం" అని, 17 దాటితే కొనరు అని రాశాను. అపోహ, నిజం అని పక్కపక్కన పెట్టడం చాలామంది చేస్తారు కదా? మీరూ చేసి ఉంటారు.

ఎవరో మూడో స్లైడ్ ఒక్కటే వాట్సాప్‌లో పంపించారు. అది పది ఊళ్లు తిరిగింది. ఒక రైతు ట్రాక్టర్‌లో వడ్లు పోసుకొని సెంటర్‌కు వచ్చి, తేమ ఎక్కువుందని మళ్లీ ఆరబోయాల్సి వచ్చింది. కింద నా పేజీ పేరు చూసి నాకే ఫోన్ చేశాడు. "నీ పేజీల చూసే తెచ్చిన తమ్మీ" అన్నాడు. తిట్టలేదు. ట్రాక్టర్ కిరాయి ఎవరిస్తారు చెప్పండి?

మనం వరసగా చేస్తాం, వేలితో జరుపుకుంటూ ఒకటి తర్వాత ఒకటి చూస్తారని అనుకుంటాం. ఇన్‌స్టాగ్రామ్‌లో అట్లానే చూస్తారు. ఫేస్‌బుక్‌లో మామూలుగా ఫొటోలు పెడితే ఎట్లా కనపడతాయి? గళ్లుగళ్లుగా, కొన్ని కనపడి మిగతావి ప్లస్ గుర్తు వెనక దాక్కుంటాయి. వాట్సాప్‌లో నాలుగు, అంతకంటే ఎక్కువ ఒకేసారి పంపితే నాలుగు చదరపు గళ్లు కనపడతాయి. ఆ తర్వాత ఒక్కోటి విడిగా ఫార్వర్డ్ అవుతుంది. మన జిల్లాల్లో స్లైడ్ ఒంటరిగానే తిరుగుతుంది. అందుకే ప్రతి స్లైడ్‌ను, ఇది తప్ప ఇంకోటి చూడని మనిషి చదువుతున్నాడని అనుకొని చేయాలి. తప్పు మాటను ఎప్పుడూ ఒంటరిగా ఒక స్లైడ్‌లో పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే ఒప్పు మాట అదే స్లైడ్‌లో, దానికంటే పెద్దగా ఉండాలి.

ఇంకోటి, ప్రతి స్లైడ్ కింద సీజన్, సంవత్సరం రాయండి. 2024-25లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాల్‌కు 2,300 రూపాయలు. మరుసటి ఏడు 2,369. నిరుటి స్లైడ్ ఈ యేడు తిరిగితే, సంవత్సరం లేకపోతే, ధర తగ్గించి ఇస్తున్నా రైతు అదే సరైందనుకుంటాడు.

నేను చదరాన్నే ఎందుకు పట్టుకున్నానో కూడా ఇందులోనే ఉంది. నిలువు స్లైడ్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాదనను. కానీ వాట్సాప్ గడిలో పడితే దాని పైనా కిందా తెగిపోతుంది. చదరం అక్కడ కూడా చదరంగానే ఉంటుంది. గడిలో సగం సైజు అవుతుంది, అంతే. ముఖచిత్రం 120 పెట్టాం కదా, సగమైతే 60. అప్పుడు కూడా చదవొచ్చు. అందుకే 120.

చదరానికి ఒక్క చోట మాత్రం చిక్కుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ ప్రొఫైల్ తెరిస్తే వచ్చే గళ్లు ఇదివరకు చదరంగా ఉండేవి. 2025 జనవరి నుంచి అవి నిలువుగా మారాయి, మూడుకు నాలుగు. అందులో చదరపు ముఖచిత్రానికి రెండు పక్కలా 135 పిక్సెళ్ల చొప్పున తెగుతుంది. లెక్క వేయండి, 1080లో నడుమ 810 మాత్రమే కనపడుతుంది. "వడ్ల తేమ" బదులు "డ్ల తే" కనపడితే బాగుంటుందా? కాబట్టి ముఖచిత్రం మీది మాటలను నడిమి 810 లోపలే ఉంచండి. మిగతా స్లైడ్లకు 90 అంచు చాలు. అలాగే పై కుడి మూలలో మీ సొంత నంబర్లు వేయొద్దు. అక్కడ ఇన్‌స్టాగ్రామ్ తనే ఎన్నో స్లైడో చూపిస్తుంది, రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

అడగండి, చెయ్యి ఎత్తారు. రంగులా? ఆ, దానికే వస్తున్నాను.

మొదటి ఫొటో ఆకుపచ్చ మీద తెలుపు. కోడ్ #4CAF50, అందరూ వాడే ఆకుపచ్చ. వెలుగుకు చీకటికి తేడాను కొలిచే ఒక పద్ధతి ఉంది, వెబ్‌సైట్లలో మామూలు సైజు అక్షరానికి ఆ తేడా కనీసం 4.5 ఉండాలంటారు. ఆ ఆకుపచ్చ మీద తెలుపుకు 2.8 దాకానే వస్తుంది. గదిలో కూర్చుంటే పరవాలేదనిపిస్తుంది. కల్లం దగ్గర ఎండ పడ్డాక ఆ కొంచెం తేడా కూడా కొట్టుకుపోతుంది. రెండో ఫొటోలో లేత మీగడ రంగు మీద ముదురు ఆకుపచ్చ అక్షరాలు పెట్టాను, #1B5E20. తేడా 7 దాటుతుంది. రంగు అదే కుటుంబం, వరి చేను గుర్తొస్తూనే ఉంటుంది.

నల్లటి నేపథ్యం మీద తెల్లక్షరం పెట్టొచ్చు కదా అంటారు. లెక్క ప్రకారం తేడా చాలా ఎక్కువే. కానీ ఎండలో నల్ల తెర అద్దమైపోతుంది. చదివేవాళ్లకు వాళ్ల ముఖం, వెనక ఆకాశం కనపడతాయి. రాత్రి పూట మంచం మీద చూసే పోస్టులకు నల్లది పెట్టుకోండి. పొలం దగ్గర చూసేదానికి లేత నేపథ్యమే.

ఆకుపచ్చ మీద ఎర్రక్షరం మాత్రం ఎప్పుడూ వద్దు. ఒకటి, ఆ రెండు రంగుల తేడా కనపడనివాళ్లు ఉంటారు, మగవాళ్లలో ఎక్కువ. రెండు, ఫొటోను కుదించేటప్పుడు యాప్‌లు రంగుల వివరాన్ని ఎక్కువగా తగ్గించేస్తాయి, వెలుగు నీడల వివరాన్ని ఉంచుతాయి. ఎరుపుకు ఆకుపచ్చకు రంగులోనే తేడా, వెలుగులో తేడా తక్కువ. కుదించాక ఆ అక్షరం అంచులు నీళ్లు పడిన సిరాలా పాకుతాయి. వాట్సాప్‌లో రెండు మూడు చేతులు మారాక చూడండి, వత్తులు కలిసిపోయి ఉంటాయి. మీ టీమ్‌లో ఒకరికొకరు పంపుకునేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపుకోండి, అప్పుడు కుదింపు ఉండదు.

పోస్ట్ చేసే ముందు నేను చేసే పరీక్ష చెప్తాను. డిజైన్ చేస్తున్నప్పుడే ఫోన్‌ను లాప్‌టాప్ తెరకు ఆనించి, స్లైడ్ వెడల్పు ఫోన్ వెడల్పంత అయ్యేదాకా జూమ్ తగ్గించండి. ఆ సైజులోనే పని చేయండి. పెద్దగా చూసుకుంటూ చేస్తే చెయ్యి దానంతట అదే ఇంకో వరస ఇరికిస్తుంది. అయిపోయాక ఫోన్‌లోకి పంపుకొని, వెలుగు సగానికి తగ్గించి, బయటికి ఎండలోకి పోయి, చత్వారం వచ్చిన మనిషికి అద్దాలు లేకుండా ఇవ్వండి. ఏమర్థమైందని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. గట్టిగా చదవమనండి. ఎక్కడ ఆగారో, ఏ మాటను ఇంకో మాటగా చదివారో చూడండి. మా చిన్నాయన ఐదో స్లైడ్‌లో "పట్టాదారు" దగ్గర ఆగాడు. అక్కడ వరస విరిగి "పట్టా" పైన, "దారు" కింద పడ్డాయి. నాకు లాప్‌టాప్‌లో అది కనపడనేలేదు. వరస మార్చాను, గడగడా చదివేశాడు.

సరే, ఇప్పుడు మీ వంతు. మీరు ఇదివరకు పోస్ట్ చేసిన స్లైడ్ ఒకటి ఫోన్‌లో తెరవండి. ఈ హాలు కాపలా చూసే పెద్దాయన బయట వేపచెట్టు కింద కూర్చున్నారు, ఆయనను అడిగి పెట్టాను, ఓపిగ్గా చదువుతానన్నారు. ఐదుగురైదుగురు చొప్పున వెళ్దాం. చెట్టు నీడలో కాదు, ఇవతలికి ఎండలోకి రమ్మని చెప్పాను.